పసుపు అక్షరాల ఆరు వీడియోలు

నాలుగో తరగతితో నా చదువు ఆగిపోయింది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను గానీ, చూసింది మాత్రం మరిచిపోను. ఏ పచ్చడి ఏ రోజు నూరానో, ఆ రోజు కట్టుకున్న చీర ఏ రంగో, రోలు కింద ఏ గుడ్డ పరిచామో ఇప్పుడడిగినా చెప్తాను. ఇంత జ్ఞాపకం ఉన్నదానికి, మరిచిపోవాలనుకున్నది మటుకు మరుపు రాదు.

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, మూడో అంతస్తు ఫ్లాటులో నేను వంట చేసేదాన్ని. తినడానికి కాదు, వీడియోలకు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసిన ఒకాయన పచ్చళ్ళకూ పొడులకూ ఛానల్ పెట్టాడు. ఆయనది గుంటూరు వైపు. హాల్లో పొయ్యి, రోలు, రెండు పెద్ద లైట్లు, పైనుంచి వేలాడే కెమెరా. ఆయన తీస్తే, ఒక పిల్ల వాటిని కత్తిరించి, మీద అక్షరాలు వేసేది. కరీంనగర్ పిల్ల, ఇరవై మూడేళ్ళుంటాయేమో. ఆరు నెలలు పని చూసి, బాగుంటే పర్మనెంటు చేస్తానని ఆయన మాట. నేను హూడి నుంచి రెండు బస్సులు మారి వచ్చేసరికి ఆ పిల్ల తలుపు తీసి, కంప్యూటర్ ముందు టీ తాగుతూ ఉండేది.

ఆరో నెల మొదలవుతూ ఉండగా ఆ పిల్ల ఒక పని పెట్టుకుంది. జనం మా వీడియోలను మధ్యలోనే వదిలేసి వెళ్ళిపోతున్నారు. ఎందుకో తేల్చాలి. అన్నీ ఒకే తీరు వీడియోలు ఇరవై నాలుగు తీసుకుంది. అన్నీ పచ్చళ్ళే, అన్నీ నిమిషమున్నర, రోజూ ఒకే వేళకు పెట్టినవి. ఒక్కోదాన్నీ మూడో సెకను దగ్గర ఆపి, తెర మీద ఎన్ని మాటలున్నాయి, అక్షరాలు ఏ రంగు, ఫ్రేములో ఏముంది అని పట్టీ రాసేది. ఫ్రేములు రెండు రకాలు. పైనుంచి తీసినవాటిలో రోలు, నా చేతులు మాత్రమే. ఎదురుగా తీసినవాటిలో నడుము దాకా నేను, నా ముందు రోలు.

ఆ పట్టీకి నన్ను తోడు కూర్చోబెట్టుకుంది.

"అమ్మా, ఈ అక్షరాలు పోయేలోపల నువ్వు సదువుతవా సూడు."

"'ఎండుమిరపకాయలు నూనెలో' దాకా వచ్చినా పాపా. అది ఎల్లిపోయె."

"గంతే గావాలె నాకు. నువ్వు సదవలేంది పొయ్యికాడ ఫోన్ పెట్టుకున్నామె ఏం సదువుతది?"

నా చదువు లేకపోవడం ఒకరికి కొలతగా పనికొచ్చింది అదే మొదలు. అందుకు నాకు లోలోపల మురిపెం కూడా.

పట్టీ పక్కన, కంప్యూటర్‌లో ఒక గీత. దాన్ని రిటెన్షన్ అనేవాళ్ళు. వీడియో మొదట్లో నూరుమంది ఉన్నారనుకుంటే, ఏ సెకనుకు ఎంతమంది మిగిలారో అది చూపిస్తుంది. మామూలుగా మొదట్లోనే దబ్బున జారుతుంది, ఆ తర్వాత మెల్లగా వాలుతూ పోతుంది, భోజనాల బంతి చివర కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయినట్టు. అక్షరాలు తక్కువగా ఉన్నవి ఎక్కువసేపు నిలబడతాయా, తెల్లవా పసుపువా, చేతులా మొహమా, ఇవన్నీ ఆ గీతల పక్కన పట్టీ పెట్టి పోల్చి చూడాలి. తక్కువ మాటలు, తెల్ల అక్షరాలు, దగ్గరగా చేతులు. ఇదీ ఆ పిల్ల నమ్మకం. ఆయనదేమో పసుపు పచ్చని పెద్ద అక్షరాలు, రెండు వరుసలు, వెనకాల మనిషి.

మొదలుపెట్టే రోజే ఆయనకూ నాకూ ఒక మాట చెప్పింది. "ఈ ఇరవై నాలుగు మనోళ్ళకెవ్వలకూ పంపొద్దు. మనం గూడ ఇంట్ల సూడొద్దు. ఒక్కోదానికి వచ్చేదే నూరు మంది. అండ్ల మన సుట్టాలే యాభై మంది ఉంటే లెక్కంత ఖరాబైతది."

నేను తలూపాను. తలూపింది గుర్తుంది, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ ఊపాను.

ఇరవై నాలుగింటిలో నా మొహం కనపడేవి ఆరు. పచ్చచీరలో రెండు, నీలంలో మూడు, పెళ్ళికి కొన్న మెరూన్‌లో ఒకటి. యాభై అయిదేళ్ళ వయసులో నన్నెవరైనా అంత వెలుతురులో నిలబెట్టారా? ఇంటికిపోయి ఆ ఆరూ మా వాళ్ళ గ్రూపులో పెట్టాను. హిందూపురంలో మా వదిన, ఆమె కోడళ్ళు, పెనుకొండ చెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు. మా మెట్ల మీద కూర్చునే ఆడవాళ్ళకూ పంపాను. గొంతు రికార్డు చేసి చెప్పాను కూడా. "మధ్యలో తీసెయ్యొద్దండి, కడదాకా పోనీయండి. నా మొగం ఉండాది."

ఆరే కదా, ఇరవై నాలుగులో ఎంత అనుకున్నాను. చేతులుండే వీడియోలు ఒక్కటీ పంపలేదు. చేతులెవరివైతే ఏమిలే అనుకున్నాను.

తీర్పు చెప్పే రోజు ఆయన కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పరిచింది. పద్దెనిమిది వాలాయి. ఆరు మాత్రం మొదట కొంచెం దిగి, అక్కడి నుంచి బల్ల పరిచినట్టు అలాగే ఉన్నాయి.

"డేటా క్లియర్‌గా ఉంది కదా" అన్నాడాయన. "పసుపు, రెండు లైన్లు, అక్క మొహం. నేను మొదటి నుంచీ చెప్తున్నదే."

"సార్, ఆ ఆరింట్ల మూడూ ఒక్కసారే మారినయ్. రంగు వల్లనా, మాటల వల్లనా, ఫ్రేము వల్లనా చెప్పలేం. ఇంకో పది చేద్దాం, ఒక్కోటి ఒక్కోటే మార్చి సూద్దాం."

"మూడూ కలిపి పనిచేస్తున్నాయిగా. మూడూ పెట్టేస్తే గొడవే లేదు."

"గీత గిట్ల ఉండదు సార్. జనం ఎంత ఇష్టంగ సూసినా కొంత జారుతది. ఇది మొదట్ల దప్ప అసలు జారనే లేదు."

"నీ మాట నెగ్గకపోతే గీతది తప్పా?"

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "అమ్మా, నువ్వెవలకన్న పంపినవా?"

రోలు కడుగుతున్నాను. నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

"లేదు పాపా" అన్నాను.

ఆ పిల్ల ఇంకో మాట అడగలేదు. కంప్యూటర్ వైపు తిరిగి, "అయితే నాకు తెల్వదు సార్" అంది. ఆ వారాంతానికే పసుపు అక్షరాలు బాగా వేస్తాడని ఆ పిల్లను పర్మనెంటు చెయ్యకుండా ఇంకో అతన్ని మాట్లాడాడు ఆయన. పోయేటప్పుడు ఆ పిల్ల టీ గ్లాసు కడిగి బోర్లించి పోయింది. నేను చింతతొక్కు ఒక సీసాలో పెట్టి ఇచ్చాను. తీసుకుంది. అది ఇచ్చినందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తర్వాత అన్ని వీడియోల్లోనూ నేనే, అన్నిటి మీదా పసుపే. అవీ గ్రూపులో పెడుతూ వచ్చాను. పది రోజులకు వదిన ఫోను చేసింది.

"ఏం వదినా, దినామూ నీ మొగమే అయిపాయ. అన్నీ కడదాకా చూడల్లంటే మా పనులెట్ల?"

"చూడొద్దులే వదినా."

"చూడ్డం మానేసి నాలుగు దినాలాయలే" అని నవ్వింది.

వాళ్ళు మానేశారు, గీతలు పడిపోయాయి. మొదటి అయిదు సెకన్లలోనే సగం మంది పోతున్నారు. ఆయన ఎండాకాలం అన్నాడు, పరీక్షలన్నాడు. నేను ఎల్లిపాయలు వలుస్తూ విన్నాను. నాకు తెలుసు కదా.

ఆదివారం పొద్దున మారతహళ్ళి పోయాను. ఆ పిల్ల ఉండే పీజీ హాస్టల్లోకి బయటివాళ్ళను రానివ్వరు, కింద మెట్ల మీదే కూర్చున్నాం. తల తడిగా ఉంది, తువ్వాలు చుట్టుకుని వచ్చింది. నేను నీళ్ళు నమలకుండా చెప్పేశాను. ఎవరెవరికి పంపానో, ఏ చీరవి పంపానో, గొంతు రికార్డు చేసి ఏమని చెప్పానో, అన్నీ.

ఆ పిల్ల తల వంచుకుని వింది. మెట్టు మీద నీటిబొట్లు పడుతున్నాయి.

"జనం ఎక్కడికెల్లి వచ్చిండ్రో అది విడదీసి సూపిస్తదమ్మా. లింకు ఒత్తి వచ్చినోళ్ళు వేరే, తమంతట తాము వచ్చినోళ్ళు వేరే. ఒక్కసారి సూస్తే దొరికేది. సూడకపోవుడు నా తప్పే." తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకుంది. "నువ్వు లేదన్నవ్ గదా అని సూడలే."

తిట్టి ఉంటే బాగుండేది. అమ్మను నమ్మినట్టు నమ్మాను అనలేదు, అలాంటి మాటలేవీ అనలేదు. అడిగింది, నేను చెప్పింది విన్నది, లెక్క మూసేసింది. అంతే జరిగింది.

"సార్‌కు చెప్తా పాపా."

"చెప్పు. వాళ్ళను తీసేసి సూడమను. నాకు గూడ తెలుసుకోవాలనే ఉంది."

సోమవారం లైట్లు వేయకముందే ఆయనకు చెప్పాను. ముందు నమ్మలేదు. తర్వాత కంప్యూటర్‌లో ఏదో నొక్కి, లింకు మీద వచ్చినవాళ్ళను పక్కకు తీసేశాడు. ఆరు గీతలూ నా కళ్ళ ముందే కిందకు దిగి, మిగతా వాటిలో కలిసిపోయాయి. నా మొహం ఒక్క క్షణం కూడా ఎవరినీ ఆపలేదు. నాలుగు మాటలు దాటినవన్నీ అడుగున ఉన్నాయి. చేతులు, తక్కువ మాటలు ఉన్నవి పైన. అయితే ఆ పిల్ల వేసిన తెల్ల అక్షరాలు కొబ్బరి పచ్చడి మీదా పెరుగు పచ్చడి మీదా కనపడక, అవీ జారాయి. అందరం కొంత కొంత తప్పే. అబద్ధం చెప్పింది నేనొక్కదాన్నే.

"అక్కా, ముందే చెప్పాల్సింది కదా" అన్నాడాయన. కోపంగా కాదు, అలసిపోయినట్టు. నా ముందే ఆ పిల్లకు ఫోను చేశాడు. రమ్మన్నాడు, పర్మనెంటు అన్నాడు. స్పీకర్లో ఆ పిల్ల గొంతు వినిపించింది.

"వేరేకాడ చేరిన సార్. తెల్లక్షరాలు గిట కొబ్బరి మీద పోయినయా?"

"పోయాయి."

"అనుకున్న" అంది. "వాటి ఎనక సన్నటి నల్లగీత వెయ్యమనుండ్రి." ఫోను పెట్టేసింది. నా గురించి అడగలేదు.

ఇప్పుడు ఫ్రేములో చేతులే. అక్షరాల వెనక సన్నటి నల్లగీత. వీడియో బయటకు పోయేముందు కొత్తతను నన్ను పిలిచి చూపిస్తాడు. చదవగలిగితే చదివాను అంటాను, లేకపోతే లేదంటాను. ఆ ఒక్కటీ నిజం చెప్పడానికి నాకిప్పుడు ఏ కష్టమూ లేదు.

మొన్న వదిన అడిగింది. "ఈ నడుమ కనపడ్డం లేదే నువ్వు?"

"చేతులుండాయి కదా వదినా."

"పంపు, చూస్తాం."

"వద్దులే" అన్నాను. "మీరు చూడొద్దు."