ఆడిటర్లకు పంపిన జాబితాలో పదకొండో వరుస

మా ఆవిడ పోయిన మూడో నెలలో ఆడిటర్లు కావలసిన కాగితాల జాబితా పంపారు. మొత్తం ఇరవై రెండు అంశాలు. శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా అందాలి. మాది తాడేపల్లిగూడెంలో రొయ్యల మేత తయారుచేసే కంపెనీ. అకౌంట్స్ నేను చూస్తాను.

ఫైళ్లు మెయిల్లో పట్టవు కాబట్టి ఒక ఫోల్డరులో పెట్టి, వాళ్ల జాబితాలోని అంకెలనే ఫైళ్ల పేర్ల ముందు వేశాను. మెయిల్‌కి జతచేసే సూచిక ఒకే పట్టిక: అంశం, ఫైలు పేరు, ఇచ్చామా లేదా, ఇవ్వకపోతే ఎవరు ఎప్పటిలోగా ఇస్తారు. ఈ పని చేస్తున్నంతసేపు మనసు ఎటూ పోదు. ఆ రోజుల్లో నాకు అది చాలు.

పదకొండోది కైకలూరు గోడౌన్‌లో మార్చి ముప్పై ఒకటిన మేత బస్తాలు లెక్కపెట్టిన కాగితాలు. వాటి మీద ఇద్దరు సంతకం చేయాలి, గోడౌన్ చూసే ఆయన, అకౌంట్స్ మనిషి. నా సంతకం ఉండవలసిన చోట నా పేరు గుండ్రటి అక్షరాలతో ఉంది. అది నా చేతిరాత కాదు. ఆ రోజు నేను ఏలూరులో మా ఆవిడ శవం దగ్గర కూర్చుని ఉన్నాను.

గోడౌన్ ఆయనకు ఫోన్ చేశాను. నాకంటే పదేళ్లు పెద్దవారు.

"నేనేనండీ రాసింది," అన్నారు వెంటనే. "ఆఫీసు నుంచి మర్నాడే పంపించెయ్యమన్నారు. మైలలో ఉన్న మనిషి చేత సంతకం పెట్టించమంటారా? పెద్దకర్మయినా కాకుండా మీకు ఫోనెలా చేస్తానండీ?"

"లెక్క ఎవరు పెట్టారండీ?"

"నేనొక్కణ్ణే. అంకెలు సరిగ్గానే ఉన్నాయండీ." కొంచెం ఆగి, "ఇది బయటికొస్తే నా ఉద్యోగం ఉంటుందంటారా?" అన్నారు.

ఫోన్ పెట్టేసి పట్టికలో పదకొండో వరుస తెరిచాను.

మెయిల్ పంపేముందు మేనేజరు గారికి చూపించాలి. ఆయన పదకొండో వరుస దగ్గర ఆగారు. అక్కడ నేను ఇలా రాశాను: 'ఇచ్చాము. అకౌంట్స్ తరఫు సంతకం నాది కాదు, ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. లెక్క గోడౌన్ ఇన్‌చార్జి ఒక్కరే పెట్టారు.'

"ఇదెందుకండీ? కాగితం ఉంది కదా, పెట్టెయ్యండి. వాళ్లేమైనా మీ సంతకం చూశారా?"

"మిగతా వోచర్లన్నిటి మీదా ఉందండీ. అవీ ఇందులోనే వెళ్తున్నాయి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆయనకి మీరే ఉరి బిగిస్తున్నారు, తెలుసా మీకు?"

తెలుసు. నా దగ్గర మర్యాదగా నడుచుకున్నందుకే ఆయన చిక్కుకున్నారని కూడా తెలుసు. రాయకపోతే అబద్ధాన్ని నా చేత్తో పంపినట్టు. ఆ రోజు నేను ఎక్కడ ఉన్నానో మార్చి చెప్పడం నా వల్ల కాలేదు. ఇందులో నిజాయితీ ఎంతో, మొండితనం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ వరుసలో ఇంకొక వాక్యం చేర్చాను: 'మీ సమక్షంలో మళ్లీ లెక్కపెట్టి, ఏప్రిల్ నుంచి వచ్చిన బస్తాలు తీసేసి, వెళ్లిన బస్తాలు కలిపి, మార్చి నిల్వ చూపగలము. బుధవారంలోగా.' మేనేజరు గారు రెండుసార్లు చదివారు. "పంపండి. నా పేరు కూడా కాపీలో పెట్టండి," అన్నారు. శుక్రవారం మూడున్నరకు పంపాను. ఫోల్డరు పాస్‌వర్డ్ విడిగా పంపాను. అందినట్టు తెలియజేయమని కోరాను.

అయిదు దాటాక జవాబు వచ్చింది. అందాయి. మంగళవారం పొద్దున్న గోడౌన్‌కి వస్తున్నాము, ఇన్‌చార్జి గారు తప్పక ఉండాలి. అంతే రాశారు. ఆ 'తప్పక' అన్న మాటతో మూడు రోజులు గడిపాను.

మంగళవారం ఆడిటరమ్మాయి వరుసలు ఎంచి చూపిస్తుంటే గోడౌన్ ఆయనా నేనూ లెక్కపెట్టాము. ఆయన బస్తా మీద చెయ్యి వేసి పైకి అంకె చెప్పారు, నేను రాశాను. చిరిగి పక్కన పెట్టిన ఏడు బస్తాలు పోను మార్చి అంకె సరిపోయింది. ఆ అమ్మాయి కాగితాలు సర్దుకుంటూ, "నిల్వ సరేనండీ. సంతకం సంగతి మాత్రం మీ డైరెక్టర్లకు రాయాల్సిందేనండీ," అంది.

వాళ్ల కారు వెళ్లాక ఆయన గోడౌన్ గుమ్మంలో నిలబడ్డారు.

"ఉంచుతారంటారా అండీ?"

"తెలియదండీ."

"మీరేమైనా చెబుతారా?"

"నేను సెలవులో ఎందుకున్నానో, మీరెందుకు రాశారో కాగితం మీద పెట్టి ఇస్తానండీ. ఆపైన వాళ్లిష్టం."

ఆయన తల ఊపారు. "రేపు గూడెం నుంచి రెండు లోడ్లొస్తున్నాయి. దింపించమంటారా?"

"దింపించండి," అన్నాను. "నేను కూడా వస్తాను."