రాగం తీసిన తిట్లు

మా పాపను చూసుకునే క్రెష్ ఆయమ్మకు ముక్కుమీద కోపం. సాయంత్రం నేను ఆలస్యంగా వెళ్తే పాపను ఎత్తుకుని, గొంతు సన్నం చేసి, రాగం తీస్తూ తిట్టేది: “మీ నాన్నకి బుద్ధుందా బంగారూ? గడియారం అమ్ముకున్నాడా చిట్టీ?”

ఆరు నెలల పిల్లకు ఆ మాటలేం తెలుసు? రాగంలోని ముద్దు మాత్రం తెలిసి కిలకిలా నవ్వేది. తిట్లన్నీ నా వాటాకే వచ్చేవి.

ఒకరోజు వేళకే వెళ్లాను. జలుబుతో ఆయమ్మ గొంతు బొంగురుపోయింది. “మీ నాన్న బుద్ధిమంతుడే” అని మెచ్చుకుంది. ఆ మోటు గొంతు వినగానే పాప మూతి ముడిచి ఏడుపు లంకించుకుంది.

ఈసారి నేనే గొంతు సన్నం చేశాను: “మన ఆయమ్మ ఎంత గయ్యాళో కదా బంగారూ!”

పాప నవ్వింది. మాటలన్నీ తెలిసిన ఆయమ్మ కూడా నవ్వేసింది.