పెద్దక్క పాఠాల తీసివేత

కుట్టుపని నేర్పే ఆ చానెల్‌ను మొదలుపెట్టింది పెద్ద కోడలు. చూసేవాళ్లు ఆమెను పెద్దక్క అనేవారు. ప్రతి వీడియో పేరు చివరా ‘పెద్దక్కతో’ అని ఉండేది. భర్త పోయాక ఆమె ఉండేది మరిది ఇంట్లో. చానెల్ కూడా మరిది భార్య, అంటే చిన్నామె, ఖాతా కిందికి వెళ్లిపోయింది.

చిన్నామె పాఠాలు జోరందుకుని వీడియోలు ఆరువందలు దాటాయి. పేర్లన్నీ ఒకే తీరుగా ఉండాలని చిన్నామె పట్టుబట్టింది. ఆ పని తెలిసింది పెద్దక్కకే. అన్నింటినీ ఒకేసారి ఎంచి, ‘పెద్దక్కతో’ ఉన్నచోటల్లా ‘ఇంటి కుట్టు’ అని మార్చింది. ట్యాగులూ అలాగే చేర్చింది. తన పేరు తనే తుడిచేసుకున్నా, పాఠాలు మిగిలాయి కదా అనుకుంది.

తర్వాత వెయ్యి మంది కూడా చూడని వాటిని వడకట్టింది. నూట ముప్పై ఎనిమిది తేలాయి. అన్నీ తనవే. మంచి వెలుతురులో మళ్లీ తీద్దామని, గుర్తు కోసం వాటి పేర్ల ముందు ‘పాత’ అని చేర్చింది. ఆ మాట చిన్నామెకూ చెప్పింది.

నేను చాలా ఊళ్ల గ్రంథాలయాల్లో చదువుకున్నాను. ఎవరూ తీసుకోని పుస్తకాలను అక్కడా ఏరిపారేస్తారు. కానీ రాసినవాడిని పిలిచి, నీ పుస్తకం నువ్వే చెత్తబుట్టలో వేసిరమ్మని అడగడం నేనెక్కడా చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం చిన్నామె ‘పాత’ అని వెతికి, వచ్చినవన్నీ తీసెయ్యడానికి ఎంచి, పెద్దక్కను పిలిచింది.

“నువ్వే ఏరిపెట్టావుగా అక్కా. పని తేలికైంది.”

“అవి మళ్లీ తియ్యడానికమ్మా. పోనీ ఎవరికీ కనపడకుండా దాచు. మనకైనా ఉంటాయి. ఫోన్‌లో కాపీలు కూడా లేవు.”

దాచినవి జాబితాలో చెత్తలా కళ్లకు అడ్డొస్తాయంది చిన్నామె. తెర మీద చిన్న గడి కనిపించింది. తొలగిస్తే మళ్లీ రావని తెలుసని ఒప్పుకుంటూ దానిలో టిక్కు పెట్టాలి.

“నువ్వే పెట్టు అక్కా. రేపు నేను తీసేశానని నలుగురూ నన్ను ఆడిపోసుకోకుండా.”

పెద్దక్క మరిది వైపు చూసింది. ఆయన గోళ్లు కత్తిరించుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, భోజనం వేళ దాటిపోతోందన్నాడు.

ఆమె టిక్కు పెట్టి, నొక్కింది. తొమ్మిదేళ్ల పాఠాలు అన్నం ఉడికేలోగా పోయాయి.

వారం తిరక్కుండా చానెల్ చూసే ఒకామె రాసింది. చంక దగ్గర గుడ్డ ముడతపడకుండా జాకెట్టు చేతులు కుట్టే పాఠం లింకు తెరుచుకోవడం లేదు, కూతురికి నేర్పాలి, పెద్దక్క అయితేనే అర్థమయ్యేలా చెబుతుంది, అని.

“నా పాఠం లింకు పంపెయ్. అందులో చేతులు కూడా ఉన్నాయి,” అంది చిన్నామె.

అందులో ముడత సంగతే లేదని పెద్దక్కకు తెలుసు. అయినా లింకు అతికించి, కింద ‘ఇది ఇంకా బాగుంటుందమ్మా’ అని రాసి పంపింది.