రస్కు ప్యాకెట్ వెనక వైపు

మా ఇంట్లో డిగ్రీ వరకు చదివింది నేనొక్కదాన్నే. అందువల్ల అచ్చయిన కాగితం ఏది వచ్చినా అది నా చేతికే చేరేది. కరెంటు బిల్లు, రేషన్ కార్డు దరఖాస్తు, నాన్న పోయినప్పుడు మరణ ధ్రువీకరణ పత్రం, అన్నీ నేనే చదివి వినిపించాను. అమ్మకు డయాలసిస్ మొదలైన తరువాత ఆ వరుసలోకి తినుబండారాల ప్యాకెట్లు వచ్చి చేరాయి.

అల్వాల్‌లోని మా ఇంటి నుంచి సికింద్రాబాద్‌లోని డయాలసిస్ కేంద్రానికి వారానికి మూడుసార్లు వెళ్లేవాళ్లం. అమ్మ రక్తంలో ఫాస్ఫరస్ ఎక్కువగా ఉండేది. యంత్రం దానిని కొంతవరకే తీయగలదనీ, మిగిలినది తిండిలోనే తగ్గించుకోవాలనీ డాక్టరుగారు చెప్పారు. దానికోసం అన్నంతో పాటు వేసుకోవలసిన మాత్ర ఉంది, వేసుకుంటూనే ఉంది. అయినా ఫాస్ఫరస్ తెచ్చిపెట్టే ఒంటి దురద తగ్గలేదు. మోచేతుల దగ్గర చర్మం లేచిపోయేలా గోక్కునేది. మరోవైపు మనిషి చిక్కిపోతోంది. తినకపోతే ఒంట్లో బలం నిలవదని కేంద్రంలోని డైటీషియన్ మేడమ్ గట్టిగా చెప్పేవారు. ఉడికించిన గుడ్డు తెల్లసొన పెడితే అమ్మ మొహం తిప్పుకునేది.

"సున్నం నమిలినట్టున్నదే. ఇంతంత చాయ్‌ల ముంచుకోను ఏమన్న ఇయ్యి బిడ్డా. గంతే, ఇంకేం అడుగ."

నీళ్లకు కూడా కొలత ఉన్న మనిషికి ఆ చిన్న గ్లాసు చాయే రోజుకు మిగిలిన సుఖం. దానిలో ముంచుకోవడానికి తగినది ఒకటి వెతకడమే నా పని అయింది.

రోగుల ఇళ్ల వారి కోసం కేంద్రం వారు ఒక వాట్సాప్ గ్రూపు నడిపేవారు. మొదటిసారి నేను ఒక గోధుమ బిస్కెట్ ప్యాకెట్‌ను ముందు నుంచి, వెనక నుంచి ఫోటోలు తీసి అందులో పెట్టాను. కొద్దిసేపటికి చూస్తే ఫోటోలు లేవు. అడ్మిన్ తొలగించినట్టు ఒక వాక్యం మాత్రం ఉంది. నా వల్ల ఏం తప్పు జరిగిందో తెలియక కంగారు పడ్డాను. తరువాత మేడమ్ విడిగా రాశారు.

"ఏమీ అనుకోకండి అమ్మా. కంపెనీ పేరు కనిపించే ఫోటోలు గ్రూప్‌లో ఉంచకూడదని మా రూల్. ఫలానా కంపెనీది తినండి, ఫలానాది వద్దు అని మేము చెప్పినట్టు అవుతుంది. పేరు లేకుండా వెనక ఉన్నది మొత్తం టైప్ చేయండి. వంద గ్రాముల లెక్క ఇవ్వండి. ఇంగ్రీడియెంట్స్ ఉన్న వరుస మార్చకండి, ఏది ఎక్కువ వేశారో ఆ వరుసే చెబుతుంది."

ఆ పద్ధతి నాకు న్యాయంగా తోచింది. కిటికీ దగ్గర కూర్చుని, ప్యాకెట్ మడతను విప్పి, వెండి కాగితం మీద మెరిసే ఆ సన్నటి అక్షరాలను ఫోన్ లైటు వేసి చదివి టైపు చేశాను. శక్తి, ప్రోటీన్, పిండి పదార్థాలు, మొత్తం చక్కెర, కలిపిన చక్కెర, కొవ్వు, సోడియం. తరువాత పదార్థాలు. ఫాస్ఫరస్ గడి ఎక్కడా కనిపించలేదు. అదే అడిగాను.

"మన దగ్గర లేబుళ్ల మీద ఫాస్ఫరస్ సాధారణంగా రాయరు," అని మేడమ్ జవాబు. "ఎంత ఉందో నేనూ చెప్పలేను. ఫాస్ఫేట్ అనే మాట గానీ, దాని బదులు రాసే 341, 450, 451, 452 లాంటి నంబర్లు గానీ ఉంటే వద్దనడం ఒక్కటే నేను చేయగలిగింది. అలా కలిపినది దాదాపు మొత్తం రక్తంలోకి వెళ్తుంది. మీరు పంపినదాంట్లో 450 ఉంది. పైగా తవుడు, అందులోనూ ఫాస్ఫరస్ ఎక్కువే."

ఆరోగ్యానికి మంచివని ఏరి కొన్నవే ముందు పోయాయి. రాగివి, ఓట్స్‌వి, పలు ధాన్యాలవి, పాలు కలిపినవి. టైపు చేసేటప్పుడు పైకి చదవడం నాకు అలవాటు. మంచం మీద నుంచి అమ్మ వినేది.

"ఆగు ఆగు. నాలుగు వందల యాభై అన్నవా?"

"అన్నానమ్మా."

"మన గల్లీలకు ఒక్క బస్సు రాదు గానీ, గీ నాలుగు వందల యాభై మాత్రం ప్రతి ప్యాకెట్ల దిగుతది."

నేను నవ్వాను. తను కూడా నవ్వింది, గోక్కుంటూనే.

చివరకు ఒక మామూలు మైదా రస్కు దొరికింది. మైదా, చక్కెర, పామ్ నూనె, ఈస్ట్, రవ్వ, అయోడిన్ ఉప్పు, 322, 500. మేడమ్ వద్దన్న నంబరు ఒక్కటీ లేదు, సోడియం కూడా తక్కువే. పంపిన తరువాత చాలాసేపు ఫోన్ కింద పెట్టలేకపోయాను. "రెండు తినవచ్చు, మాత్ర వేసుకుని. రోజుకు ఇంతకు మించవద్దు," అని వచ్చింది. అమ్మ మొదటి రస్కును చాయ్‌లో ముంచి, అది విరిగి గ్లాసులో పడకముందే నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. "ఇగ నాకేం పరేషాన్ లేదు పో," అంది.

కొన్ని వారాలు అలాగే గడిచాయి. డయాలసిస్‌కు వెళ్లే రోజుల్లో కూడా ఒక చిన్న డబ్బాలో రెండు పెట్టుకునేది. పక్క కుర్చీలో ఉన్నామె అడిగితే, "మా బిడ్డ రాసి రాసి సాధించింది," అని చెప్పేది. పరీక్షలో ఫాస్ఫరస్ తగ్గలేదు, కానీ పెరగలేదు కూడా. బరువు ఆగింది. ఆ రోజుల్లో అంతకంటే ఎక్కువ కోరుకోవడం నేను మానేశాను.

ఒకనాడు తెచ్చిన ప్యాకెట్ మూల మీద, ఇకపై మరింత కరకరలాడుతుందని ఎర్రటి అక్షరాలు ఉన్నాయి. మిగతాదంతా అదే రంగు, అదే బొమ్మ. వెనక్కి తిప్పాను. మైదా, చక్కెర, పామ్ నూనె వరకు పాతదే. చివరలో 450(i) చేరింది. సోడియం పెరిగింది. అమ్మ ముందు ఈసారి పైకి చదవలేదు. అయినా మేడమ్‌కు టైపు చేసి పంపాను. ఏదైనా దారి చూపుతారేమోనని ఆశ పడ్డాను.

"అయ్యో. ఇది వద్దమ్మా."

పాత సరుకు కోసం తిరిగాను. అల్వాల్ దుకాణాలు అయ్యాక యాప్రాల్ వెళ్లాను, సైనిక్‌పురి కూడా వెళ్లాను. షాపుల్లో ప్రతి ప్యాకెట్‌నూ వెనక్కి తిప్పి చదువుతుంటే ఒకాయన, "ఏందమ్మా, పరీక్షకు ప్రిపేర్ అయితున్నవా?" అన్నాడు. యాప్రాల్‌లో వెనక వరుసలో పాతవి కొన్ని దొరికాయి. అవి ఉన్నంతకాలం అమ్మకు సంగతి చెప్పలేదు. అవి అయిపోయిన రోజు చెప్పక తప్పలేదు.

అమ్మ కోప్పడలేదు. "వాళ్లకేం తెల్సు బిడ్డా, నేనొకదాన్ని తింటున్నని," అంది.

మళ్లీ కొత్తవి టైపు చేయడం మొదలుపెట్టాను. పంపడం, వద్దనడం. అమ్మ వినడం మానేసింది. నేను చదువుతుంటే గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ నెల బరువు మళ్లీ తగ్గింది. మేడమ్ ప్రోటీన్ పొడి రాసిచ్చారు. అమ్మ రెండు గుటకలు తాగి గ్లాసు పక్కన పెట్టేసింది.

ఒక మధ్యాహ్నం గ్రూపులో ఎవరో నేను ఎప్పుడో టైపు చేసిన పాత రస్కు మెసేజ్‌ను వెతికి పట్టుకుని అడిగారు: "మేడమ్ ఓకే అన్న ఈ రస్కు ఎక్కడ దొరుకుతుంది? మా అమ్మ ఏమీ తినడం లేదు." పేరు రాయకూడదు. రాసినా ప్రయోజనం లేదు. ఆ పేరు మీద ఇప్పుడు దొరికేది వేరే రస్కు.

"ఎవరే?" అంది అమ్మ.

"ఎవరో వాళ్లమ్మ కోసం అడుగుతున్నారమ్మా, మన రస్కు ఎక్కడ దొరుకుతుందని."

"పాపం. జెర చెప్పు, ఏ దుకాణంల ఉన్నదో."

"ఏ దుకాణంలోనూ లేదు కదమ్మా."

గ్రూపులో, "అది ఇప్పుడు దొరకడం లేదండి. పదార్థాలు మార్చేశారు. దయచేసి కొనవద్దు," అని టైపు చేసి, ఒకసారి సరిచూసుకుని పంపాను. తిరిగి చూసేసరికి అమ్మ చాయ్ చల్లారిపోయింది. మీద మీగడ కట్టింది. వేడి చేసి ఇవ్వనా అంటే వద్దని చెయ్యి ఊపింది.