సొంటి పట్టు కింద జ్వరం

పోలీస్ యాక్షన్ అయి నిజాం సర్కారు పడిపోయిన కొత్తల సీతాఫల్‌మండిల తలనొప్పి లేని మనిషి లేడు. రేడియో విన్నోళ్లకు విని తలనొప్పి, లేనోళ్లకు ఏమైతుందో తెల్వక తలనొప్పి. నేను డాక్టరు చదువు ముగించి గల్లీల చిన్న దవాఖాన పెట్టుకున్న కొత్త. ఓపిక తక్కువ, నోరు ఎక్కువ.

వచ్చినోళ్లందరినీ అవే అడిగేదాన్ని. దెబ్బ కొట్టినట్టు ఒక్కసారే వచ్చిందా, జన్మల ఎరగనంత నొప్పి? అట్లయితే మెదడు చుట్టూ రక్తం కారుతుండొచ్చు. జ్వరముందా, మెడ వంగుతలేదా? అట్లయితే మెదడు పొరలకు చీము పట్టి ఉండొచ్చు. పొద్దుగాల లేవంగనే వాంతులు, దినదినం పెరుగుడు, చూపు మసక? అది పుర్రె లోపల ఒత్తిడి. ఇవేవీ లేక సాయంత్రానికి పట్టీ బిగించినట్టుంటే మాత్రం నా మందు ఒకటే: నీళ్లు తాగు, పండుకో, ఆ రేడియో బంద్ చెయ్యి. కొన్నాళ్లకు జనం గడపలనే "దెబ్బ లేదు, జ్వరం లేదు, చూపు మంచిగుంది" అని అప్పజెప్పుడు షురూ చేసిండ్రు. నాకు ఒళ్లు మండేది.

పక్కింటి దర్జీ తల్లిని మేమంతా ఖాలా, అంటే చిన్నమ్మ, అని పిలుస్తుంటిమి. ఆమెది ఏండ్ల నాటి పార్శ్వపు నొప్పి. అది వచ్చిందంటే గల్లీకి హుకుం: ఉల్లిగడ్డ వేయించొద్దు, మిషన్ తొక్కొద్దు, పిల్లలు నవ్వొద్దు. కిటికీలు మూసి, నుదుటికి సొంటి పట్టు వేసి, తలకు గుడ్డ బిగించి, దునియానంతా తిట్టుకుంట పండుకునేది. ఒక వాంతి, ఒక నిద్ర. లేవంగనే "బోటి కూర ఉందా?" అని అడిగేది.

ఒకనాడు కర్ఫ్యూల ఆమె కోడలు మా పెరటి గోడ మీద నుంచి పిలిచింది. "డాక్టరమ్మా, అత్తమ్మకు నిన్నటి సంది తలనొప్పి. కానీ ఎవర్నీ తిడ్తలేదు."

తిడ్తలేదా! సంచి పట్టుకొని గోడ దూకినంత పనిచేసిన.

ఖాలా కళ్లు మూసుకొని పడి ఉంది. సొంటి పట్టు వేలు మందం. నేను నుదుటి మీద చెయ్యి పెట్టబోతుంటే దర్జీ అడ్డమొచ్చిండు. "కాలుతుందని పరేషాన్ కాకుండ్రి, అది సొంటి వేడి. రెండుసార్లు రుద్దినం."

"సొంటి కడుపుకు సుత రాసినవా?" అని కడుపు మీద చెయ్యి పెట్టిన. పెనం లెక్క కాలుతుంది. తల కింద చెయ్యి పెట్టి గడ్డం ఛాతీకి ఆనించబోతే మెడ వంగనే లేదు, మోకాళ్లే మీదికొచ్చినయి. ఆమె కేక పెట్టింది.

"దిండు ఎత్తయి పట్టేసిందేమో," అన్నడు దర్జీ.

నేను ఆమె చెవి దగ్గర వంగిన. "ఖాలా, ఇది నీ నొప్పేనా?"

ఒక కన్ను జెర తెరిచింది. "కాదు బిడ్డా. నాది కుడి దిక్కు వస్తది, ముందుగాల కండ్లల్ల మెరుపులొస్తయి. గిది ఎవరిదో. ఇల్లు తప్పి వచ్చింది."

"కర్ఫ్యూ ఎత్తినంక తీస్కపోదాం," అని దర్జీ గొణిగిండు.

"అప్పటిదాంక మీ అమ్మ ఉంటదనుకుంటున్నవా? జట్కా కట్టించు!" అని అరిచిన. ఆయన గడప కాడనే ఆగి, వీధిల సిపాయిలున్నరా అని తొంగి చూసిండు. ఆ దినాలల్ల ముసల్మానుల ఇండ్లకు ఆ భయం ఊరికే రాలేదు, నాకు తెల్సు. అందుకే జట్కాల ముందల నేనే కూసున్న.

చౌరస్తాల సిపాయి తుపాకీ అడ్డం పెట్టిండు. ఖాలాను చూపించి, మెదడుకు జ్వరమని చెప్పిన. ఆయన నా సంచి చూసి గొంతు తగ్గించిండు. "డాక్టర్ సాబ్, నాకు సుత తలనొప్పి."

హరి హరీ! నోరు ఊకుంటదా? "ఒక్కసారే వచ్చిందా? జ్వరమా? చూపు మసకా?"

"లేదు. సాయంత్రం, ఈ ఇనుప టోపీ పెట్టుకున్నంక."

"పట్టీ వదులు చెయ్యి. నీళ్లు తాగు. మమ్మల్ని పోనియ్యి."

అక్కడే పట్టీ వదులు చేసుకొని దారి ఇడిసిండు.

పెద్ద దవాఖానల వెన్నుల సూది గుచ్చి నీళ్లు తీసిండ్రు, అవి కలిపిన పిండి నీళ్లంత మబ్బుగున్నయి. సల్ఫా మాత్రలు, పెన్సిలిన్ సూదులు. ఆమె నన్ను గుర్తుపట్టేదాంక నాకు ముద్ద దిగలేదు.

ఇంటికైతే వచ్చింది గాని సగం మనిషై వచ్చింది. తిట్టదు, ఉలకదు. గల్లీల అందరూ ఉల్లిగడ్డ మస్తుగ వేయించుకున్నరు, ఒక్కరికీ రుచి తెల్వలేదు.

ఒక మధ్యాహ్నం గోడ అవతల నుంచి కేక. "ఎవర్తివే ఉల్లిగడ్డ వేయించేది! నా తల పగుల్తుంది!"

ఉరికిన. కడుపు చల్లగుంది. గడ్డం ఛాతీకి మంచిగ ఆనింది.

"ఏ దిక్కు, ఖాలా?"

"కుడి దిక్కు. మెరుపులు సుత వచ్చినయి."

"నీదేనా?"

"నాదే బిడ్డా," అన్నది కండ్లు మూసుకొనే. "నాదే!"

దర్జీ మిషన్ ఆపి, దాని మీదనే తల పెట్టి ఏడ్చిండు. నాకు సుత కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బయటికొచ్చి, గల్లీ అంతా వినేటట్టు అరిచిన: "పోపులు బంద్ చెయ్యుండ్రి! ఖాలాకు తలనొప్పి వచ్చింది!"