అతిథిగారికి ఒక పని

ఆమెను కాలేజీలో అందరూ లీడరమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది తోటివాళ్ళే అయినా, ఆ ఉద్యోగం మాత్రం పుట్టుకతో వచ్చింది. ఇంట్లో ముగ్గురు పిల్లల్లో పెద్దది. తమ్ముడి లెక్కలు తనే చేసింది, చెల్లెలి బొమ్మలు తనే గీసింది, పరీక్ష వాళ్ళిద్దరూ తప్పారు. అప్పుడైనా తెలివి రావాలి కదా, రాలేదు. తన చెయ్యి పడితే తప్ప ఏ పనీ సవ్యంగా కాదన్న నమ్మకం కొందరికి జ్వరంలా వచ్చి పోతుంది. ఆమెకి మాత్రం ఎముకల్లో ఉండిపోయింది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి నలుగురు జట్టు కట్టారు. హాస్టల్ మేడ మీది నీళ్ళ ట్యాంకు రోజూ పొంగి, గోడంతా తడిసి, కిందనున్న సైకిళ్ళ మీద పడుతుండేది. నిండగానే మోగే అలారం ఒకటి చేద్దామని లీడరమ్మే అంది. సర్క్యూటు చూసుకునే కుర్రాడిని వైరు అనేవారు, చేతిలో ఎప్పుడూ ఒక తీగముక్క ఉంటుంది కనుక. రిపోర్టు రాసే అమ్మాయి కామా. ఆమె వాక్యం మొదలుపెడితే ఫుల్‌స్టాప్ దాకా రావడం కష్టం. నాలుగో వాడు అతిథి. చుట్టపు చూపుగా వచ్చి, కాసేపు కూర్చుని, టీ తాగి వెళ్తాడు కాబట్టి ఆ గౌరవం.

పనులు పంచుకున్న రోజున లీడరమ్మ ప్రోగ్రామింగ్ తనకి ఉంచుకుంది. మిగతా ఇద్దరివి వాళ్ళకి చెప్పింది. అతిథి వైపు చూసి, "నువ్వు వైరుకి సాయం చెయ్యి" అంది. అతిథి తల ఊపాడు. తల ఊపడంలో అతన్ని మించినవాడు ఆ కాలేజీలో లేడు.

నెల గడిచింది. మొదటి రివ్యూ దగ్గర పడింది. ముగ్గురూ రెక్కలు ముక్కలు చేసుకుంటున్నారు. అతిథి మాత్రం కామన్ రూములో క్యారమ్స్ ఆడుతూ కనిపించాడు. వైరు ఉడికిపోయాడు. పేరొకడిది, చాకిరీ ఇంకొకడిదా అన్నాడు. కామా అయితే వాడి పేరు రిపోర్టులోంచి తీసేద్దామని, తీసేస్తే తప్ప వాడికి బుద్ధి రాదని, మనం గాడిదలమా అని, కామాలతో చాలాసేపు చెప్పింది. లీడరమ్మ ముగ్గురి తరఫునా గైడు మేడమ్ దగ్గరికి వెళ్ళింది. పేరు తీసేస్తే అతనికి ప్రాజెక్టు పోతుంది, ప్రాజెక్టు పోతే ఏడాది పోతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసే వెళ్ళింది, అంత మండిపోయి ఉంది.

గైడు మేడమ్ సన్నగా, కళ్ళజోడు నుదుటికెక్కించుకుని ఉండే మనిషి. ఫిర్యాదంతా అడ్డురాకుండా విని, చివర్లో ఒక్కటే అడిగింది.

"అతనికి నువ్విచ్చిన పనేమిటమ్మా?"

"వైరుకి సాయం చెయ్యమన్నాను మేడమ్."

"ఎప్పటికి? చేసి ఏం చూపించాలి?"

ఆ రెండూ లీడరమ్మ అతనికి చెప్పనేలేదు.

"సాయం చెయ్యమనడం పని ఇవ్వడం కాదు. పెళ్ళికి రమ్మని చెప్పడం లాంటిది. వస్తే వస్తాడు, రాకపోతే లేదు." మేడమ్ కళ్ళజోడు దించింది. అతను తప్పు చేయలేదని అనడం లేదని, కానీ ఇప్పుడే పేరు తీసేస్తే తను ఒప్పుకోనని చెప్పింది. నలుగురూ కూర్చుని మాట్లాడండి, మనిషి ఎలాంటివాడో కాదు, ఏ పని ఆగిందో మాట్లాడండి, ఎవరేం చేస్తారో, ఎప్పటికి చూపిస్తారో రాసుకుని నాకూ ఒక కాపీ ఇవ్వండి అంది. అప్పటికీ చేయకపోతే ఆ సంగతి తను చూస్తుంది. చివరి రివ్యూలో అతని పని గురించి అతను సొంతంగా చెప్పగలిగితేనే మార్కులు, లేకపోతే అతనొక్కడే ఫెయిల్. మిగతా ముగ్గురికీ దానితో సంబంధం ఉండదు.

లీడరమ్మకి ఒళ్ళు మండింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, దారిలో ఎదురైన వైరు మీద విసుక్కుంది.

మర్నాడు మధ్యాహ్నం ఖాళీ క్లాసులో నలుగురూ కూర్చున్నారు. ముందు వైరు, తను ఒంటరిగా సర్క్యూటు బిగించాల్సి రావడం వల్ల ఏమేం ఆగిపోయాయో చెప్పాడు. గొంతులో కోపం ఉన్నా మాట మాత్రం పని దాటలేదు. అతిథి బల్ల మీది గీతని గోటితో గీకుతూ విన్నాడు.

"ఒకటి చెప్పనా?" అన్నాడు. "మొదట్లో ప్రోగ్రాములో, డిస్‌ప్లే మీద అక్షరాలు వచ్చే భాగం నేను రాసిచ్చాను. బాగుందన్నావు లీడరమ్మా. మర్నాడు పొద్దున్నే చూస్తే నా లైను ఒక్కటీ లేదు. అంతా నువ్వే మార్చేశావు. ఎందుకు మార్చావో చెప్పలేదు."

లీడరమ్మ గుర్తు తెచ్చుకుంది. నిజమే. వివరించేలోపు తనే రాసేయొచ్చనిపించి రాసేసింది. దాన్ని తప్పని ఎన్నడూ అనుకోలేదు. పైగా అతనికి సాయం చేశానని అనుకుంది.

"దానికి నెల రోజులు క్యారమ్స్ ఆడతావా?" అంది కామా.

"కొంత కోపం. కొంత బద్ధకం. అబద్ధమెందుకు, బద్ధకమే ఎక్కువ. నేను లేకపోయినా జరిగిపోతోందని హాయిగా కూడా ఉంది."

ఆ మాటని ఎవరూ మెచ్చుకోలేదు కానీ గదిలో గాలి కాస్త తేలికైంది. మిగిలిన పనులన్నీ బోర్డు మీద రాశారు. ఈసారి లీడరమ్మ పంచలేదు, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవాలని వైరు పట్టుబట్టాడు. ట్యాంకులో నీళ్ళ మీద తేలే స్విచ్ ఒకటుంది. నీటితో పాటు పైకి లేచి, నిండగానే అలారం మోగించాలి. కానీ పై నుంచి పడే ధారకి నీళ్ళు ఎగిరెగిరి పడుతుంటే అదీ ఎగిరి, ఊరికే మోగి, హాస్టలంతా తిట్టేది. ఆ అల్లరి మాన్పించే పని ఎవరికీ వద్దు. అతిథి తీసుకున్నాడు. బుధవారం సాయంత్రానికల్లా ట్యాంకు దగ్గర చూపించాలి. ఎక్కడైనా చిక్కుపడితే ముందే చెప్పాలి. మిగతా వాళ్ళు చెప్పకుండా అతని పనిలో చెయ్యి పెట్టకూడదు. ఈ చివరి షరతు ఎవరి కోసమో అందరికీ తెలుసు, పాపం ఆమెకి కూడా.

అతిథి ఒక ప్లాస్టిక్ పైపు తెచ్చి, అడుగున రంధ్రాలు పెట్టి, స్విచ్‌ని లోపల దించాడు. నీళ్ళు కింది నుంచి మెల్లగా వస్తాయి, పైన ధార ఎంత ఎగిరినా పైపులో నీరు నిలకడగా ఉంటుంది. బకెట్లో పెట్టి చూస్తే చక్కగా మోగింది. బుధవారం సాయంత్రం నలుగురూ మేడెక్కారు, కింద వార్డెన్ కూడా నిలబడ్డాడు. మోటారు వేశారు. నీళ్ళు ఎక్కాయి, నిండాయి, పొంగాయి. అలారం కిక్కురుమనలేదు. వార్డెన్ బట్టలు తడిసిపోయాయి. ఆయన అన్న మాటలు రాయడం మర్యాద కాదు.

వైరు తల పట్టుకున్నాడు. లీడరమ్మ అప్పటికే పైపు అందుకుంది. డ్రిల్లు కూడా చేతిలో ఉంది. కాసేపు చూస్తే చాలు, చేసేయగలదు. చేతులు దురద పెడుతున్నాయి.

"ఇటివ్వు" అన్నాడు అతిథి. "నువ్వు సరిచేస్తే అది పని చేస్తుంది. ఎందుకు ఆగిందో మాత్రం నాకు ఎప్పటికీ తెలీదు."

ఇవ్వడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. ఇచ్చింది. ఇచ్చి, అక్కడే నిలబడితే మళ్ళీ లాక్కుంటానని భయపడి కిందికి దిగిపోయింది. కింద దండెం మీద ఆరిన బట్టలు తీసి, ఎవరివో కూడా చూడకుండా మడతపెట్టింది. రెండు రోజుల తర్వాత అతిథి వచ్చి మోగుతోందన్నాడు. వెళ్ళి చూసింది. మోగుతోంది. ఏం మార్చావని మాత్రం ఆమె అడగలేదు.

చివరి రివ్యూ వచ్చింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దాయన, ముఖంలో నవ్వు దాచుకునే రకం. డ్రమ్ములో నీళ్ళు పోసి చూపిస్తే అలారం మోగింది. ఆయన వైరునీ కామానీ అడగవలసినవి అడిగాడు. తర్వాత పైపు ఎత్తి చూసి లీడరమ్మ వైపు తిరిగాడు.

"అడుగున రంధ్రాలు సరే. పైన, మూత కింద ఈ ఒక్క రంధ్రం ఎందుకమ్మా?"

ఆయన మిగతా ముగ్గురినీ అడిగేశాడు. గడియారం వైపు కూడా చూశాడు. అతిథిని ఇంకేమైనా అడుగుతాడన్న నమ్మకం లేదు. లీడరమ్మకి జవాబు తెలియదు. కానీ తెలియనంత మాత్రాన చెప్పలేకపోయే మనిషి కాదామె. నీళ్ళు ఎక్కువైతే బయటికి పోవడానికి అనో, తీగ కోసమో అనేస్తే ఆయన సరేనని లేచిపోవచ్చు. ఆమె పరువు నిలబడుతుంది. అతిథికి ఏడాది పోతుంది. మాట నాలుక చివరికి వచ్చింది కూడా.

"నాకు తెలియదు సార్" అంది. జీవితంలో ఆ వాక్యం గట్టిగా అనడం ఆమెకదే మొదటిసారి. "ఆ పైపు పని తనది. తనే చెప్పాలి."

ఎగ్జామినర్ లీడర్‌కే తెలియదా అని గొణుగుతూ ఏదో రాసుకున్నాడు. అతిథి ముందుకొచ్చాడు.

"మొదట ఆ రంధ్రం లేదు సార్. తుంపర లోపల పడకూడదని పైన మూత బిగించి జిగురు పెట్టాను. దాంతో లోపలి గాలి పోవడానికి దారి లేక నీళ్ళు పైకి రాలేదు. స్విచ్ లేవలేదు. ట్యాంకు పొంగి మా వార్డెన్ గారు తడిసిపోయారు. బకెట్లో పెట్టినప్పుడు మూత లేదు, అందుకే పట్టుకోలేకపోయాను."

పెద్దాయన దాచుకున్న నవ్వు బయటపడింది. గాలి దారి నీటి మట్టానికి పైనే ఎందుకుండాలని ఇంకా లోతుగా అడిగాడు. అతిథి ఒక చోట తడబడ్డాడు, తడబడి నిలబడ్డాడు. ఈసారి ఆ జట్టులో ఎవరూ అందించలేదు.

మార్కులు వచ్చాక చూస్తే అతిథి పాసయ్యాడు. లీడరమ్మకి జట్టులో అందరికన్నా తక్కువ. ఒక్కటే తక్కువ, కానీ తక్కువ తక్కువే. ఆమె వరండా మెట్ల మీద కూర్చుని, దాచుకోకుండా కాస్త ఏడ్చింది. ఇంట్లో చెల్లెలికి చెబితే నమ్మదు.

అతిథి వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆ రంధ్రం సంగతి నీకు ముందే చెప్పాల్సింది. నా వల్ల పోయింది నీ మార్కు."

"నువ్వు చెప్పకపోవడం కాదు. నేనే అడగలేదు. తెలిస్తే నా చేతులు ఊరుకోవని భయపడ్డాను."

ఆమె ముక్కు తుడుచుకుని అతని వైపు తిరిగి కూర్చుంది.

"సరే, ఇప్పుడు చెప్పు. మొదటి నుంచి."

అతిథి మొదలుపెట్టాడు. బాగా చెప్పలేదు. నీళ్ళ దగ్గర మొదలుపెట్టి మూత దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఒక లెక్క తప్పు చెప్పాడు. అది తప్పని ఆమెకి వెంటనే తెలిసింది. అతనే ఆగి, కాదు కాదు అని సరిచేసుకునేదాకా లీడరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.