సగం గడ్డం, సగం కార్టన్

నా గడ్డం మామూలు గడ్డం కాదు. పొద్దున గీయించుకుంటే మాపటికి మళ్ళీ మొలిచేది, ఒకసారి దానికి తగిలి కత్తి నొక్కుపోయింది. నమ్మని వాళ్ళు హనుమకొండ సుబేదారిలో సెలూన్ మొగిలయ్యను అడగవచ్చు. అడిగితే ఆయన నవ్వి, "తమ్మి చెప్పేదాంట్ల గడ్డం నిజం, మిగిలింది నురుగు" అంటాడు. ఇంటర్మీడియట్‌ను సగంలో వదిలేసి, పొద్దంతా తన బెంచీ మీద కూర్చుని పేపరు చదివే నాలాంటి వాడిని ఏ మాస్టరూ అంత బాగా అర్థం చేసుకోలేదు.

మొగిలయ్యది ఒకే కుర్చీ ఉన్న సెలూన్. రెండో కుర్చీ ఉండేది గాని, లావుపాటి గుమాస్తా ఒకాయన అందులో కూర్చుని తుమ్మిన రోజున కాలు విరిగింది. అప్పటి నుంచి అది మూలన బట్టల గంప మోస్తోంది. మొగిలయ్య సొంత ఊరు మరిపెడ. వాళ్ళ నాయన ఇల్లిల్లూ తిరిగి గడ్డాలు చేసేవాడు, పంట వచ్చాక ప్రతి ఇంటివాళ్ళూ వడ్లు కొలిచి పోసేవారు. ఏ ఇల్లు ఎవరి వంతో తాతల నాడే తేలిపోయింది, ఒకరి ఇంటి గడ్డం ఇంకొకరు ముట్టకూడదు. అన్నదమ్ములు ఎక్కువై ఇళ్ళు తక్కువైతే మొగిలయ్య పెళ్ళాం యాకమ్మను వెంటబెట్టుకుని హనుమకొండ వచ్చి ఈ గది పట్టాడు, ముందు సెలూన్, వెనక కాపురం.

పందొమ్మిది వందల ఎనభై ఆరు దసరాకు గది యజమాని ఒక మాట చెప్పిపోయాడు. దీపావళి నుంచి కిరాయి పెరుగుతుంది, కట్టలేకపోతే గది కావాలన్నవాళ్ళు లైనులో ఉన్నారు. కటింగు ధర పెంచుదామంటే సెలూన్ల సంఘం పెట్టిన ధర అది, ఒక్కడు పెంచడానికి లేదు. ఇక మిగిలిన దారి ఖర్చు తగ్గించడం. తగ్గకపోతే కత్తుల పెట్టె సంకన పెట్టుకుని మరిపెడ పోయి, అన్నల ఇళ్ళలోంచి రెండు ఇళ్ళు అడుక్కోవాలి.

"ఆళ్ళు ఇయ్యరు," అన్నాడు మొగిలయ్య కత్తిని తోలు పట్టీ మీద నూరుతూ. "ఇచ్చినా నేను అడుగ."

ఖర్చంటే సరుకే. క్రీమూ, స్నో, పౌడరూ, బ్లేడ్లూ అన్నీ బట్టల బజారులో వెంకటేశ్వర్లు సేటు దగ్గర తెచ్చేవాడు. సేటు మంచివాడే. ఒక్క డబ్బా అడిగినా ఇస్తాడు, వారం తర్వాత పైసలిచ్చినా మాట అనడు. కాని ఆ మంచితనం ఖరీదు ప్రతి డబ్బా మీదా కలిపే ఉంటుంది. ఆ సంగతి మొగిలయ్యకు తెలుసు, సేటుకూ తెలుసు, ఇద్దరూ మర్యాదస్థులు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

దసరా పోయిన వారానికే టై కట్టుకున్న ఏజెంటు ఒకడు సంచీతో దిగాడు. కొత్త కంపెనీ అట. డబ్బా ధర సేటు ధరలో మూడో వంతు తక్కువ. పైగా సరుకు ముందు, నెలా పదిహేను రోజులకు పైసలు. కాకపోతే తక్కువలో తక్కువ ఐదు కార్టన్లు తీసుకోవాలి, తీసుకున్నది వాపసు పట్టరు. శాంపిల్ డబ్బా ఒకటి పెట్టి, వారంలో వస్తానని పోయాడు.

"ఇంకేందన్నా, సంతకం పెట్టు," అన్నాను నేను.

"ఆగు తమ్మీ. పిల్లను చూడంగనే లగ్గం పెట్టుకుంటమా. ఇంకో సంబంధం గూడ చూద్దాం."

ఆ ఇంకో సంబంధం హైదరాబాదులో బేగంబజారు. సెలూన్లకు సెలవు మంగళవారమే కాబట్టి మంగళవారం పొద్దున ఇద్దరం ప్యాసింజర్ రైలెక్కాం. నేనెందుకంటే, హైదరాబాదు నాకు అరచెయ్యి లాంటిది. స్టేషన్ నుంచి సిటీ బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగి, నేను చూపించిన దారిన పోయి, మళ్ళీ అఫ్జల్‌గంజ్‌కే వచ్చాం. అది ఆ ఊరి తప్పు.

మూడు దుకాణాలు తిరిగాం. మొదటివాడు మా మొహాలు చూడలేదు. రెండోవాడు ధర చెప్పాడు గాని డబ్బా మూత తీసి చూపించనన్నాడు. మూడో దుకాణంలో ముసలి సేటు గద్దె మీద కూర్చుని సోంపు నములుతున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"మాది వరంగల్ జిల్లాకే పెద్ద పార్టీ, సేటు."

"అచ్ఛా. కుర్చీలెన్ని?"

నేను ఆలోచించేలోపు మొగిలయ్య నిజం చెప్పేశాడు. "ఒకటి, సేటు. రెండోది కాలిరిగింది."

ముసలాయన నవ్వి మాకు చాయ్ చెప్పాడు. ఆయన లెక్క సాఫీగా ఉంది. ధర వెంకటేశ్వర్లు సేటు కన్నా నాలుగో వంతు తక్కువ. ఏ సరుకైనా ఒక కార్టన్‌కు తగ్గదు, కార్టన్ విప్పి అమ్మడు. క్రీమ్ కార్టన్ అంటే పెద్ద డబ్బాలు రెండు డజన్లు.

"పైసల సంగతేంది సేటు?" అడిగాడు మొగిలయ్య.

"మొదటిసారి నగదు. నువ్వెవరో నాకు ఎరుక లేదు గద. ఆ తర్వాత ఉత్తరం రాస్తే సరుకు లారీల ఏస్తం, బిల్టీ కాయితం మీ ఊరి బ్యాంకుకు పంపుతం. ఆడ పైసలు కట్టి కాయితం ఇడిపిచ్చుకుంటవ్. అది చూపిస్తేనే లారీ ఆఫీసోడు పెట్టె ఇస్తడు. నీ పైసలు నీకు భద్రం, నా సరుకు నాకు భద్రం."

"మరి ఉద్దెర? సరుకు ముందు, పైసలు ఎనక?"

"ఏడాది మంచిగ నడువు. అప్పుడు అడుగు."

మొగిలయ్య అడిగితే ఒక డబ్బాకు పైసలు తీసుకుని, మాదిరికి ఇచ్చాడు.

మరునాటి నుంచి నా మొహం ప్రయోగశాల అయింది. ఎడమ చెంపకు ఏజెంటు క్రీమ్, కుడి చెంపకు బేగంబజారు క్రీమ్. బ్రష్షు తిప్పి పక్కన పెట్టి, మొగిలయ్య నన్ను ఏదైనా కథ చెప్పమనేవాడు. గిరాకీ అన్నాక కుర్చీలో ఊరికే ఉండడు, మాట్లాడతాడు, నవ్వుతాడు, మధ్యలో చాయ్ తాగుతాడు. నురుగు అంతసేపూ ఆగాలి. ధర్మసాగర్ చెరువులో నేను ఒంటిచేత్తో పట్టిన మొసలి కథ మొదలుపెట్టాను. మొసలి ఇంకా తోక ఆడించకముందే ఎడమ చెంప ఎండిపోయి అట్టకట్టింది. కుడి చెంప మీద మొసలి చచ్చి ఒడ్డుకు చేరినా నురుగు తడిగానే ఉంది.

"ఆరితే మల్లా రాయాలె," అన్నాడు మొగిలయ్య. "డబ్బా అగ్గువనే, గడ్డం పిరం. నేను డబ్బాలు గీకుతానా, గడ్డాలు గీకుతానా?"

"గడువు మంచిగున్నది గదన్నా. సరుకు అమ్ముడుపోయినంక కట్టుడు," అన్నాను.

లోపల బియ్యం ఏరుతున్న యాకమ్మ అప్పుడు నోరు విప్పింది. "నెలా పదిహేను రోజులంటే ఎప్పుడొస్తది మరిదీ? కార్తీకం ఎల్లంగనే, ఇంక మాలలు ఇప్పకముందే. పోయినేడు సగం వాడ అయ్యప్ప మాలలేసుకుని గడ్డాలు పెంచుకున్నది. మీ అన్న ఈగలు కొట్టుకుంట కూసున్నడు. గప్పుడు వచ్చి ఆ టై ఆయన పైసలు అడిగితే ఏ గడ్డం చూపిస్తం?"

దాంతో ఏజెంటు సంబంధం చెడింది. బేగంబజారే కుదరాలి. కాని ఒక్క కుర్చీకి ఆ కార్టన్ ఏడాది వస్తుంది. వరంగల్ ఎండలకు డబ్బాలో నీళ్ళొక పక్క, జిడ్డొక పక్క అయిపోతాయి. పైగా దగ్గరున్న పైసలన్నీ క్రీములో పెడితే కిరాయి దేంతో కట్టాలి? సగం కార్టన్ అయితే అన్నీ సరిపోతాయి. ఆ సగం ఎవరూ అమ్మరు.

మిగిలిన సగం తీసుకోగల మనిషి రోడ్డుకు అవతలే ఉన్నాడు. ఎదురు సెలూన్ వెంకట్రాజంది. ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. దానికి కారణం నా గడ్డమే అని గర్వంగా చెప్పుకుంటాను. మొగిలయ్య మరిపెడలో చావుకు పోయి వారం రాకపోతే, నేను వెంకట్రాజం దగ్గర గీయించుకున్నాను. తిరిగొచ్చిన మొగిలయ్య నా నున్నటి మొహం చూశాడు. ఊళ్ళో అయితే పంచాయతీ పెట్టేవాడు. పట్నంలో పంచాయతీ లేదు కాబట్టి మాటలు మానేశాడు.

"నువ్వు పోయి అడుగన్నా," అన్నాను.

"నా ఇల్లు పట్టినోని గడప నేను ఎక్క."

"నేనే గద ఆ ఇల్లు. నేనే పోత."

కుడి చెంప గీయడం అయింది. ఎడమ చెంపకు బేగంబజారు క్రీమే రాయించుకుని, మెడలో తువ్వాలతోనే రోడ్డు దాటాను. రెండు బస్సులు ఆగాయి. ఒక కండక్టరు విజిల్ వేయడం మరిచిపోయాడు. వెంకట్రాజం గడపలో నన్ను చూసి చేతిలోని దువ్వెన కింద పెట్టాడు.

"ఏం తమ్మీ, మీ అన్న సగంల తరిమిండా?"

"ఈ నురుగు చూడు రాజన్నా. ఆడ రాస్తే ఈడిదాంక వచ్చింది, ఆరలేదు. డబ్బా ధర వింటే నువ్వు కూసుంటవ్."

వెంకట్రాజం వేలితో నా చెంప తాకి, ఆ వేలును బొటనవేలితో రుద్ది చూశాడు. వాసన చూశాడు. అతనూ వెంకటేశ్వర్లు సేటు దగ్గరే కొంటాడు, అతని గదికీ ఆ యజమానే. కిరాయి మాట అతనికీ వచ్చింది. కార్టన్ సంగతి అంతా విని, వేలు నా తువ్వాలకే తుడిచాడు.

"మంచిగనే ఉన్నది. గీకి చూస్తే గద కత్తి ఎట్ల నడుస్తదో తెలిసేది."

"గీకు మరి," అని చెంప ముందుకు పెట్టాను.

అతను వెనక్కి జరిగాడు. "ఒకరు మొదలుపెట్టిన గడ్డం ఇంకొకరు ముట్టరు. అప్పుడంటే నువ్వు పూర గడ్డంతోటి వచ్చినవ్, నాకు తెల్వది. ఇది మొగిలయ్యది. ఆయన చెప్పాలె."

రోడ్డుకు అవతల మొగిలయ్య గడపలో నిలబడి చూస్తున్నాడు. వెంకట్రాజం చెప్పులు తొడుక్కున్నాడు. నేను ముందు, అతను వెనక, మళ్ళీ రోడ్డు దాటాం. అంతదూరం పోయి వచ్చినా నురుగు ఆరలేదంటే, ఆ క్రీమ్ గొప్పదో నా మొహం గొప్పదో మీరే చెప్పాలి.

గడప దగ్గర ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా నా చెంపనే చూశారు. అప్పుడు మొగిలయ్య తన కత్తిని మడిచి, పిడి అవతలి వైపుకు తిప్పి చాపాడు.

"గీకి చూడు. నచ్చితేనే మాట్లాడుకుందం."

వెంకట్రాజం ఒక్క గీత గీశాడు. రెండో గీత గీశాడు. ఆగి, కత్తి మీది నురుగు చూశాడు.

"సగం పైసలు ముందుగాల్నే ఇస్త," అన్నాడు. "తర్వాత సారి బ్యాంకుల గూడ చెరిసగం కడదాం. నువ్వు ఒక్కనివే కట్టి నా ఎంబడి తిరుగుడు వద్దు."

"లారీ కిరాయి, హమాలీ గూడ సగం."

"సగం. స్నో కార్టన్ గూడ చూద్దామా?"

"ముందు ఇది అమరని."

యాకమ్మ మూడు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. కూర్చోవడానికి చోటు లేక, మూలన ఉన్న కాలు విరిగిన కుర్చీ మీది బట్టల గంప తీసి, కింద ఇటుక పెట్టింది. వెంకట్రాజం జాగ్రత్తగా కూర్చున్నాడు.

తర్వాతి మంగళవారం ముగ్గురం పోయాం. దారి నేను చూపించలేదు. దీపావళికి ఇద్దరూ పెరిగిన కిరాయి కట్టారు. బ్లేడ్లు మాత్రం మొగిలయ్య ఇప్పటికీ వెంకటేశ్వర్లు సేటు దగ్గరే తెస్తాడు. బ్లేడు మీద బేగంబజారుకూ సేటుకూ పెద్ద తేడా లేదు, వారం ఉద్దెర మాత్రం ఉంది. ఈ లెక్క చెబితే సేటు నొచ్చుకోకుండా ఒక ప్యాకెట్ కట్టి ఇచ్చాడు.

కార్టన్ వచ్చిన రోజు యాకమ్మ తాడు కోసింది. చెరొక డజను పంచుకున్నాక, ముందు తెచ్చిన మాదిరి డబ్బా ఒకటి మిగిలింది. ఎవరిదని అడిగితే ఇద్దరూ నా వైపు చూశారు. అది నా పేరు మీద ఉండిపోయింది. నెలలో మొదటి సగం రోడ్డుకు ఈ పక్క, రెండో సగం ఆ పక్క గీయించుకోవాలని ఒప్పందం. నా గడ్డం పంచాయతీ తీరడానికి మూడేళ్ళు పట్టింది.